రోజుకో మొదటి ఫొటో

"నాలుగో ఇటుక పెడితే నేను మంచం ఎక్కలేను. మూడింటికే మోకాలు పట్టేస్తోంది," అని మా అత్తగారు అప్పటికి మూడోసారి అన్నారు.

"పెట్టకపోతే నీళ్ళే ఎక్కుతాయమ్మా మంచం మీదకి," అన్నాను నేను, ఇటుకను మంచం కోడు కిందకి తోస్తూ. మా ఆయన మంచం అంచు ఎత్తి పట్టుకుని ఉన్నారు. పట్టుకున్నారే గాని మొహం నా వైపు లేదు.

"నాలుగయ్యాక అయిదు. అయిదయ్యాక మంచాన్ని దూలాలకి వేలాడదీద్దాం. అమ్మని ఊయల్లో పడుకోబెట్టినట్టు ఉంటుంది," అన్నారు.

"మీకు అన్నీ వేళాకోళమే."

"వేళాకోళం కాదు శోభనా. ఏటి అవతల గట్టు మీద మా చెల్లెలి ఇల్లు తాళం వేసుంది. తాళంచెవి మన మేకుకే వేలాడుతోంది. నువ్వు ఊఁ అంటే ఒక్క ఆదివారం పని."

నేను ఊఁ అనలేదు. రెండేళ్ళుగా అనడం లేదు. పన్నెండో తరగతి చదివే మా అనఘ తన పుస్తకాల పెట్టెను అల్మారా మీదకి ఎక్కిస్తూ వాళ్ళ నాన్నతో, "అమ్మ ఊఁ అంటే లంక బడి మూసేస్తారు అచ్ఛా. అమ్మ ఒక్కతే ఆ బడిని మోస్తోంది," అంది. మెచ్చుకుందో దెప్పిందో దాని గొంతులో తెలియదు.

ఆ ఏడు నవంబరులో రావలసిన వృశ్చిక మాసపు సముద్రపు పోటు ముందే వచ్చింది. మా లంకలో ఆ నీళ్ళు వరదలా మీద పడవు. సాయంత్రానికి గడప కింద నుంచి చాపలా పరుచుకుంటాయి, తెల్లారేసరికి వెళ్ళిపోతాయి. గోడల్లో ఉప్పు మాత్రం మిగులుతుంది. కొబ్బరిచెట్ల తలలు ఒక్కొక్కటే పోతున్నాయి. జనమూ అంతే. ఆయన పంచాయతీ పడవ నడుపుతారు కాబట్టి ఎవరి ఇల్లు ఖాళీ అవుతుందో మాకు ముందే తెలిసేది. వాళ్ళ బీరువా ఆయన పడవలోనే ఏరు దాటాలి. మర్నాడు బడిలో ఒక పిల్ల తక్కువ.

జూన్‌లో బడి తెరిచిన ఆరో రోజున తలలు లెక్కపెడతారు. ఆ లెక్క ప్రకారమే టీచరు ఉద్యోగాలు. నలభై ఒక్కమందితో మొదలైన బడి నవంబరుకి ముప్పై ఆరుకి వచ్చింది. నా ఏడో తరగతిలో పదకొండు మందికి తొమ్మిది మంది మిగిలారు. మా హెడ్మిస్ట్రెస్ రోసిలీ టీచర్ నన్ను పిలిచి, "ఏదైనా చెయ్యి శోభనా. గట్టు మీద బళ్ళలో లేనిది మన దగ్గర ఏదో ఒకటి ఉండాలి. వార్షికోత్సవానికి తల్లిదండ్రులందరూ వస్తారు. అది చూసి వాళ్ళు పిల్లల్ని ఇక్కడే ఉంచాలి," అంది.

అలా మొదలైంది మా యానిమేషన్ సినిమా. సెలవుల్లో మూడు రోజులు శిక్షణకి వెళ్ళి నేర్చుకున్నదే నా చదువంతా.

కథ పిల్లలే అల్లారు. ఒక అమ్మూమ్మ. ఇంట్లోకి నీళ్ళు వస్తుంటే పొయ్యిని ఒక్కో ఇటుక ఎత్తు లేపుతుంటుంది. చివరికి పైకప్పు మీద కూర్చుని గంజి కాస్తూ, దారిన పోయే పడవల వాళ్ళని తినిపొమ్మని పిలుస్తుంది. అమ్మూమ్మ ఎవరని అడిగితే తొమ్మిదిమందీ కిసుక్కున నవ్వారు. మా అత్తగారే. చెవి తమ్మెలు భుజాల దాకా సాగి ఉన్న ముసలమ్మ లంకలో ఆవిడ ఒక్కతే మిగిలింది.

మా గది బడికి తూర్పు కొసన ఉంటుంది. గోడకే నీలం రంగు వేసి, ఎడమవైపు కొబ్బరిచెట్టు, కుడివైపు కిటికీ, మధ్యలో గట్టు గీత గీశాం. దాని ముందు బల్ల. బల్ల మీద మైనపుమట్టితో చేసిన అమ్మూమ్మ, లోపల ఎముకలుగా కరెంటు తీగ. ఫోను ఉన్న స్టాండు కాళ్ళ చుట్టూ నేల మీద ఎర్ర రంగుతో గుర్తులు పెట్టాం, రాత్రి నీళ్ళొచ్చి కడిగినా పోకుండా. ఎండ కదిలితే బొమ్మ మీద వెలుగు కదులుతుందని కిటికీలకి నల్ల కాగితాలు అంటించాం. ఫ్యాను ఆపేశాం. తెల్ల చొక్కా మీద పడిన వెలుగు బొమ్మ మీదకి కొడుతుందని, తీసేవాళ్ళు ముదురురంగు బట్టలే వేసుకోవాలి. ఫోనును చేత్తో ముట్టుకుంటే వణుకుతుందని ఇయర్‌ఫోన్ తీగకున్న మీటతో ఫొటో నొక్కేవాళ్ళం. ఆ ఉక్కలో ఊపిరి బిగపట్టి అమ్మూమ్మ చేతిని బియ్యపుగింజంత జరపడం, అందరూ వెనక్కి తగ్గడం, నొక్కడం. మళ్ళీ గింజంత.

నీళ్ళు పెరగడానికి నీలం ప్లాస్టిక్ షీటు కింద పాత పెళ్ళి శుభలేఖలు ఒక్కొక్కటీ దూర్చేవాళ్ళం. "ఇది మా బిందు చిన్నమ్మ పెళ్ళి. మునిగిపోయింది," అనేది ఆర్ద్ర. ఫొటోలు తీసే పిల్ల అది. చేపలు పట్టే సజీవన్ కూతురు. తీగ మీట మీద బొటనవేలు పెట్టిందంటే పక్కన బాంబు పేలినా కదలదు.

సెకనుకి పన్నెండు ఫొటోలు. రోజుకి నలభై తీయగలిగేవాళ్ళం, అంటే మూడు సెకన్ల పైన కాస్త. ప్రతి ఉదయం ముందుగా ఒక ఖాళీ ఫొటో తీసేవాళ్ళం. నిన్నటి చివరి ఫొటోను ఫోనులో పల్చగా దాని మీద పరిస్తే, గీతకి గీత కూర్చుందో లేదో తెలుస్తుంది. కూర్చోకపోతే స్టాండు సర్దుకోవాలి. ఆ మొదటి ఫొటో సినిమాలోకి రాదు.

డిసెంబరు మొదటి వారంలో ఆర్ద్ర అంది: "టీచర్, కొబ్బరిచెట్టు కూర్చుంటే కిటికీ కూర్చోవడం లేదు. కిటికీ కూర్చోబెడితే చెట్టు లేచిపోతోంది."

చూశాను. గట్టు గీత మధ్యలో వెంట్రుకంత సన్నటి బీట. గీత అక్కడ చిన్న మెట్టులా విరిగింది. "ఉప్పు పొంగి రంగు పగిలింది. కాస్త మట్టి కూరి రంగు పూయండి. బీట కనపడితే సినిమాలో వెనక గోడ గెంతినట్టుంటుంది," అన్నాను.

పూశారు. మర్నాడు మళ్ళీ పూశారు. నాకూ అదో మురిపెంగా ఉండేది. పిల్లలు రాగానే పెట్టెలు దించి, ఖాళీ ఫొటో తీయడం అవగానే చెప్పకుండానే మట్టి ముద్ద తీసుకుని గోడ దగ్గరికి పోయేవాళ్ళు. కిటికీ కిందకి దిగిందని దాని గీతను కప్పి పైకి మళ్ళీ గీసేవాళ్ళు; రాత్రి ఉప్పుకి పూత రాలిపోయి పొద్దున్నకి బీటా పాత గీతా మళ్ళీ తేలేవి. పాపం ఎంత ఓపికగా చేసేవాళ్ళో.

క్రిస్మస్ సెలవుల తర్వాత బీటలో పెన్సిలు దూరింది. దానిక్కూడా మట్టి సరిపోయింది.

ఈలోగా సజీవన్ వచ్చి టీసీ అడిగాడు. వరండాలో నిలబడి తలపాగా గుడ్డ చేతుల్లో నలుపుతూ, "ఏం చెయ్యను టీచరే, వంటింట్లో పీతలు తిరుగుతున్నాయి," అన్నాడు.

"వార్షికోత్సవం దాకా ఆగు సజీవా. నీ కూతురు తీసిన సినిమా చూసి వెళ్ళు," అన్నాను. బతిమాలాను అనడమే నిజం. ఆర్ద్ర పోతే ఎనిమిది. ఎనిమిది మందికి తరగతి ఉంచరు. నా ఉద్యోగం పోతే ఎక్కడికో వేస్తారు, అదీ పెద్ద భయం కాదు. ఇరవై ఒక్క ఏళ్ళు ఆ బడి తలుపు తీసింది నేను. అది మూతపడిందంటే లంక పని అయిపోయినట్టే. ఇల్లు మునిగినా ఊరుందనుకోవచ్చు. బడి పోయాక ఏమనుకుంటాం?

ప్రసంగం రాసుకున్నాను. గంజి వడ్డిస్తూ కూడా గొణుక్కునేదాన్ని. "మీటింగులో మాట్లాడ్డానికి ఇంట్లో మాట్లాడ్డం మానేసిందిరా నీ పెళ్ళాం," అన్నారు అత్తగారు.

"మాకూ వినిపించు," అన్నారాయన. కర్రపెండలం తుంచుతూ విన్నారు. చివర్లో ఉంది అసలు మాట: 'ఇంత చేయగల పిల్లల్ని ఇక్కడినుంచి తీసుకెళ్ళకండి. మీరు నిలబడితే బడి నిలబడుతుంది.'

ఆయన చెయ్యి కడుక్కుంటూ, "బాగుంది. పోయినవాళ్ళ సామానంతా నా పడవలోనే ఎక్కించాను శోభనా. ఒక్కరూ ఇష్టంగా ఎక్కలేదు. అదొక్కటి గుర్తుపెట్టుకుని చెప్పు," అన్నారు.

వార్షికోత్సవానికి ముందు రోజు మధ్యాహ్నం ఆర్ద్ర కంప్యూటరు ముందు కూర్చుని సినిమా చివరి ముక్కలు అతుకుతోంది. వెయ్యిన్ని నాలుగువందల నలభై ఫొటోలు. రెండు నిమిషాలు.

"టీచర్, రోజూ మొదట తీసిన ఖాళీ ఫొటోలు ఒక ఫోల్డరులో వేరుగా ఉన్నాయి. ముప్పై ఆరు. తుడిచేయనా?"

"ముప్పై ఆరంటే మూడు సెకన్లు. ఊరికే ఒకసారి ఆడించు చూద్దాం."

ఆడించింది.

ఖాళీ గోడ. కొబ్బరిచెట్టు ఉన్నచోటే ఉంది. కుడివైపు గోడ కిటికీతో సహా కిందికి, అవతలికి ఒరిగింది. మధ్యలో ఒక నల్ల గీత పుట్టి, వెడల్పై, నోరు తెరిచింది. మూడు సెకన్లే.

ఆర్ద్ర కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"కెమెరా జరిగిందేమో టీచర్," అంది ఆర్ద్ర.

"కెమెరా జరిగితే చెట్టు కూడా జరగాలి కదా."

"అవును."

"మళ్ళీ ఆడించు."

నాలుగుసార్లు చూశాం. రోజూ పొద్దున పిల్లలు పూడ్చకముందు తీసిన ఫొటోలవి. పూడ్చమన్నది నేను. రెండు నెలలు తొమ్మిదిమంది పిల్లల్ని ఆ గోడ కింద నిలబెట్టి, అది పడిపోతున్న సంగతి వాళ్ళ చేతులతోనే కప్పించాను. సినిమా గెంతకూడదని.

రోసిలీ టీచర్‌కి చూపించాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. "ఏప్రిల్‌లో బడి కట్టడం చూడ్డానికి ఇంజనీరు ఎలాగూ వస్తాడు. అప్పుడు చెబుదాం. రేపు ఇది బయటపడిందంటే ఎల్లుండికి పిల్ల అనేది ఉండదు. నాదేముంది, మేలో రిటైరవుతాను. నీ కోసమే చెబుతున్నా."

"గోడ పడితే?"

"ఇరవయ్యేళ్ళుగా పడలేదుగా. తెర ఆ గోడ మీదే కడదాం, బీట కనపడదు. ఎలాగూ చీకటిగా ఉండేది ఆ గదే." నేను లేస్తుంటే, "నాకు మాత్రం నిద్రపడుతుందనుకున్నావా?" అంది.

ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆయన మేకు మీది తాళంచెవి తీస్తారని భయం.

మర్నాడు నాలుగింటికి అందరూ వచ్చారు. గదుల మధ్య అడ్డాలు తీసేసి ఒకే హాలు చేశాం. తెల్ల ముండు పంచెలు రెండు కలిపి కుట్టిన తెర మా గోడ మీద వేలాడుతోంది. ముందు వరసలో బెంచీలు చాలక, తల్లులు చంటిపిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని సరిగ్గా గోడ మొదట్లో చాపల మీద కూర్చున్నారు. మా అత్తగారు కసవు జరీ అంచు బట్ట కట్టుకుని, తన బొమ్మ చూడ్డానికి కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఆయన గుమ్మం దగ్గర నిలబడ్డారు. బయట పోటు మొదలైంది. మెట్టు కింద నీళ్ళు తళతళమంటున్నాయి.

మైకు ఇచ్చారు. కాగితం విప్పాను.

"తల్లిదండ్రులందరికీ నమస్కారం. మీ పిల్లలు రెండు నెలలుగా చీకటి గదిలో తలుపులేసుకుని ఏం చేస్తున్నారో అని మీలో కొందరు నన్నడిగారు. ఒకావిడైతే దెయ్యాలు పట్టిస్తున్నావా టీచరే అంది."

నవ్వారు. "నేనే! నేనే!" అని వెనకనుంచి ఒకామె చెయ్యెత్తింది.

"బొమ్మ దానంతటది కదలదు. మనం దాన్ని గింజంత జరిపి ఫొటో తీస్తాం. మళ్ళీ గింజంత, మళ్ళీ ఫొటో. అలాంటివి పన్నెండు పేరిస్తే ఒక్క సెకను. అమ్మూమ్మ ఒక్కసారి రెప్ప వేయడానికి మీ పిల్లలు ఆరుసార్లు ఊపిరి బిగపట్టారు. ఒక్కడు తుమ్మితే ఆ ఫొటో పోయినట్టే."

"మావాడే అయుంటాడు," అన్నాడొకాయన.

"ఇందులో చిత్రం ఏమిటంటే, జరిపేటప్పుడు కదలిక మనకి కనపడదు. పక్కనే ఉంటాం, చేత్తో మనమే జరుపుతాం, అయినా కనపడదు. అన్నీ వరసగా పేర్చి ఆడిస్తేనే..."

అక్కడ ఆగిపోయాను. కాగితంలో అది మామూలు వాక్యం. తర్వాతది 'ఇంత చేయగల పిల్లల్ని' అని ఉంది. తలెత్తాను. తెర కింద చాప మీద ఒక చంటిపిల్ల గోడకి అరచేతులు ఆనించి నిలబడడానికి ప్రయత్నిస్తోంది. వాళ్ళమ్మ నా మాటలకి నవ్వుతూ దాన్ని చూడటం లేదు.

రోసిలీ టీచర్ నన్నే చూస్తోంది.

"ముందుగా ఒక మాట," అన్నాను. నా గొంతు మైకులో ఎవరిదోలా వినిపించింది. "ఆ గోడ దగ్గర కూర్చున్నవాళ్ళు పిల్లల్ని తీసుకుని ఇటు గుమ్మం వైపు రండి. అందరూ రండి. పరవాలేదు, తొందరేం లేదు."

"తెర కనపడదు టీచరే!"

"రండి."

గొణుగుతూ లేచారు. చాపలు లాక్కున్నారు. అందరూ ఇటు సర్దుకున్నదాకా ఆగి ఆర్ద్ర వైపు చూశాను. "ఆ మూడు సెకన్లు వెయ్యమ్మా."

దానికి అర్థమైంది. వేలు మీట మీద పెట్టి నా మొహం చూసింది.

"ఇది సినిమా కాదు. రోజూ పని మొదలెట్టేముందు తీసిన ఖాళీ ఫొటోలు. చెట్టును చూడండి. తర్వాత కిటికీని చూడండి," అన్నాను.

ఆడింది. ఎవరికీ అందలేదు. రెండోసారి వేయించాను. మూడోసారికి వెనకవాళ్ళు బెంచీల మీద నుంచి లేచి నిలబడ్డారు.

"కెమెరా జరగలేదు. రోజూ పిల్లలు ఆ బీట పూడ్చారు. పూడ్చమని నేనే చెప్పాను. తప్పు నాది." తెర కొస పట్టుకుని పక్కకి తీశాను. పొద్దున్న పూసిన రంగు అప్పటికే విడిపోయింది. "మీకు ఈవేళ వేరే చెబుదామని రాసుకొచ్చాను. చెప్పను. రేపటినుంచి ఈ గదిలోకి ఎవర్నీ రానివ్వను."

సజీవన్ ముందుకొచ్చి బీటలో వేలు పెట్టి చూశాడు. పిడికిలి లోపలికి పోలేదు గాని రెండు వేళ్ళు పోయాయి. వెనక్కి తిరిగి, "చిన్నపిల్లలు ముందు," అన్నాడు, పడవ ఎక్కించేటప్పుడు చెప్పినట్టు. జనం తోసుకోకుండా ఒకరి వెనక ఒకరు బయటికి నడిచారు. నన్ను తిట్టినవాళ్ళు లేరు. తిడితే బాగుండేది. దెయ్యాలావిడ నా పక్కనుంచి పోతూ నా చెయ్యి ఒకసారి పట్టుకుని వదిలేసింది.

మెట్టు దిగేసరికి నీళ్ళు చీలమండ దాకా ఉన్నాయి. మా అత్తగారిని ఆయన ఎత్తుకుని దించారు. ఖాళీ హాల్లో ప్రొజెక్టరు ఇంకా వెలుగుతోంది. దాని పక్కన ఆర్ద్ర.

"మా సినిమా ఎవరూ చూడలేదు టీచర్," అంది. ఏడవలేదు.

రోసిలీ టీచర్ కుర్చీలు మడత పెడుతోంది, ఒక్కొక్కటే, చప్పుడు కాకుండా.

చీకటి పడకముందే ఆర్ద్ర పెన్‌డ్రైవు చేత్తో పట్టుకుని నీళ్ళలో నడుచుకుంటూ మా ఇంటికొచ్చింది. "అమ్మూమ్మకైనా చూపించండి. అమ్మూమ్మ బొమ్మ కదా."

అనఘ కంప్యూటరు మంచం మీద పెట్టింది. అత్తగారు నాలుగు ఇటుకల ఎత్తున కూర్చుని, మేము ముగ్గురం కింద నీళ్ళలో నిలబడి, ఆర్ద్ర గుమ్మంలో. సినిమా ఆడింది. మట్టి అమ్మూమ్మ తమ్మెలు ఊపుకుంటూ పొయ్యి కింద ఇటుక దూరుస్తుంటే అత్తగారు నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వారు. "నా నడక కూడా పట్టేశారు దొంగపిల్లలు!" ఇంకో ఇటుక. ఇంకోటి. వెనక గోడ ఒక్కసారి కూడా గెంతలేదు. నున్నగా, నీలంగా, కదలకుండా నిలబడి ఉంది.

చివరికి అమ్మూమ్మ పైకప్పు మీద కూర్చుని గరిటె ఊపుతూ పడవని పిలిచింది. పడవ ఆగింది. పడవ వాడు గంజి తాగి వెళ్ళిపోయాడు. అమ్మూమ్మ మళ్ళీ గరిటె ఊపింది. అయిపోయింది.

అత్తగారి నవ్వు ఆగింది. "అదేమిటే? పడవ అంత దగ్గరికొస్తే ఎక్కదేం ఆ ముసలిది? పొయ్యి పట్టుకుని అక్కడే కూర్చుందేం?"

ఆర్ద్ర కాస్త ఆలోచించింది. "మేమెవరం అలా అనుకోలేదు అమ్మూమ్మా. పడవలో ఎక్కించాలని తోచలేదు."

"వెర్రిపిల్లలు," అన్నారావిడ. తర్వాత మంచం కింద ఇటుకల వైపు, ఆ పైన నా వైపు చూశారు. నీళ్ళు వంటింట్లోకి వెళ్ళే చప్పుడు వినిపిస్తోంది.

నేను కంప్యూటరు మూశాను. మేకు దగ్గరికి వెళ్ళి, తుప్పు పట్టిన ఆ తాళంచెవి తీసి, కొంగుతో తుడిచి, ఆయన చేతిలో పెట్టాను.

"ఆర్ద్రా, మీ నాన్నకి చెప్పు. రేపు పొద్దున్నే వస్తే టీసీ రాసిస్తాను. మిగతావాళ్ళకి కూడా. గట్టు మీది బళ్ళో అందర్నీ నేనే వెంటబెట్టుకెళ్ళి చేరుస్తాను," అన్నాను. తర్వాత ఇంట్లో వాళ్ళ వైపు తిరిగి, ఎవరినీ ప్రత్యేకంగా చూడకుండా, "ఈ ఆదివారం మన పడవ ఇంకెవరికీ ఒప్పుకోవద్దు. ముందు అమ్మ మంచాన్ని దాంట్లో ఎక్కిద్దాం," అన్నాను.